మీటరు చువ్వ, కావలి నీడ: భూమి వంపు కొలిచిన ప్రాజెక్టు డైరీ

జూన్ 18

"రుతువులు ఎందుకు ఏర్పడతాయి?" అని పరీక్షలో ఇస్తే మా ఏడో తరగతిలో దాదాపు అందరూ ఒకే వాక్యం రాస్తారు. "భూమి అక్షం 23½ డిగ్రీలు వంగి ఉండడం వల్ల." మార్కులు వేసేస్తాం. పోయిన ఏడాది పేపర్లు దిద్దుతూ ఒక పిల్లవాణ్ణి పిలిచి అడిగాను: "వంగి ఉంటే ఏమవుతుంది నాయనా?" వాడు కాసేపు ఆలోచించి, "వంగిన పక్క సూర్యుడికి దగ్గరవుతుంది కదా మేడం, అందుకే వేడి" అన్నాడు. వాడి జవాబు పేపరు మీద సరైనదే, బుర్రలో మాత్రం తప్పు. ఆ రోజు నుంచి ఈ ప్రాజెక్టు నా మనసులో ఉంది.

అనుకున్నది ఇది. 23½ అనే అంకెను పుస్తకంలోంచి తీసుకోకుండా కావలి ఊళ్లోని మా స్కూలు ఆవరణలోనే కొలవాలి. దానికి కావలసింది ఒక నిలువు చువ్వ, టేపు, సుద్దముక్క, ఏడాది ఓపిక. ఏడో తరగతి నుంచి ఎనిమిది మందిని, ఎనిమిదో తరగతి నుంచి నలుగురిని తీసుకున్నాను.

పెయింటు డబ్బాలో సిమెంటు పోసి, అందులో ఇనప చువ్వ నిలబెట్టాం. డబ్బా కింద నేల నుంచి చువ్వ కొన దాకా సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండేలా కోయించాం. వంద ఎందుకంటే తర్వాత లెక్క తేలిక. ప్రార్థన చేసే అరుగు మీద రోజంతా ఎండ పడుతుంది, వేపచెట్టు నీడ అందదు, అందుకని దాన్ని ఎంచుకున్నాం. వాన నీళ్లు పోవడానికి మేస్త్రీ అరుగుకు వాటం పెట్టి ఉంటాడని భయపడి రసమట్టం తెప్పించి చూశాను. నడిమధ్యలో ఫరవాలేదు, అంచుల దగ్గరే వాటం. మధ్యలో చోటు గుర్తుపెట్టుకున్నాం.

జూన్ 20

ఉత్తరం ఎటో తేల్చే పని. ఫోనులో దిక్సూచి చూద్దామన్నారు పిల్లలు. ఇనప చువ్వ పక్కన దాన్ని నమ్మలేం, పైగా నీడతోనే తేలే పనికి ఫోను ఎందుకు? చువ్వ చుట్టూ దారంతో ఒక వలయం గీశాం. పొద్దున నీడ పొడుగ్గా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ కురచవుతూ ఒక చోట వలయం లోపలికి వస్తుంది. అక్కడ ఒక చుక్క. మధ్యాహ్నం తర్వాత మళ్లీ పెరుగుతూ ఇంకో చోట బయటికి పోతుంది. అక్కడ రెండో చుక్క. రెండు చుక్కల్నీ కలిపితే తూర్పు-పడమర గీత. దానికి లంబంగా చువ్వ మొదట్లోంచి గీస్తే ఉత్తర-దక్షిణ గీత. మన పాత జ్యోతిష గణితంలో శంకువు అనే కర్రను నాటి దిక్కులు తేల్చింది ఈ పద్ధతిలోనే.

వాచ్‌మన్ ఆ వలయాన్ని ఎవరో వేసిన ముగ్గనుకుని సాయంత్రం కడిగేశాడు. పాపం, ఆయన పని ఆయన చేశాడు. మరుసటి రోజు మళ్లీ గీసి, ఉత్తర-దక్షిణ గీతను మాత్రం ఎర్ర పెయింటుతో వేశాం.

జూన్ 22

నిన్న మధ్యాహ్నం మబ్బు పట్టింది. సంవత్సరంలో అతి ముఖ్యమైన రోజు పోయిందని పిల్లలకు ఒకటే టెన్షన్. ఇవాళ తెరిపిచ్చింది. ఒక రోజు అటూ ఇటూ అయినా ఇప్పుడు నష్టం లేదని నేను చెప్పిన మాట వాళ్లు నమ్మలేదు. అది డిసెంబరులో వాళ్లకే తెలుస్తుంది.

నీడ చూడగానే మొదటి పాప అన్న మాట: "మేడం, ఏంది ఇది? నీడ ఈ పక్కకు పడింది!"

నీడ దక్షిణానికి పడింది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తిన ఉంటాడని అనుకునేవాళ్లు కొందరు, దక్షిణం పక్కకు ఉంటాడని అనుకునేవాళ్లు కొందరు. ఉత్తరం పక్కన ఉంటాడని ఒక్కరూ అనుకోలేదు. ఇంటికి పోయి ఉత్తరపు కిటికీ చూడండని చెప్పాను. ఈ నెలలో ఎండ మా ఉత్తరపు కిటికీలోంచి కాస్త లోపలికి వస్తుంది. చలికాలంలో అటు పక్క ఎండ పొడ కూడా ఉండదు.

కొలిస్తే 17 సెంటీమీటర్లు. నేను వేసుకున్న లెక్క ప్రకారం 15 రావాలి. రెండు సెంటీమీటర్లు చిన్న తేడా కాదు, దాని వల్ల కోణం ఒక డిగ్రీకి పైగా మారిపోతుంది. పిల్లలకు లెక్క చెప్పకుండా "డబ్బాను సగం తిప్పి మళ్లీ కొలవండి" అన్నాను. చువ్వ నిట్టనిలువుగా ఉంటే డబ్బా ఎటు తిప్పినా నీడ మారకూడదు. తిప్పాక 13 వచ్చింది! అంటే సిమెంటు గట్టిపడేటప్పుడు చువ్వ ఒక పక్కకు వాలింది. కొన రెండు సెంటీమీటర్లు పక్కకు పోయింది. ఒకసారి అది నీడకు కలిసింది, ఇంకోసారి నీడలోంచి పోయింది. రెండింటి సగటు 15.

చువ్వను సరిచేయడం కష్టం కాబట్టి కొలిచే పద్ధతి మార్చాం. కొన నుంచి తూకం గుండు వేలాడదీసి, గుండు డబ్బాలోని సిమెంటును తాకిన చోట చుక్క పెట్టి, నీడను ఆ చుక్క నుంచి కొలుస్తాం. చువ్వ మొదటి నుంచి కాదు. ఈ ప్రయోగం ఎవరు చేసినా తప్పు ముందు దొర్లేది ఇక్కడే. డబ్బా సగం తిప్పి చూడడం దాన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష.

జులై 9

వాన కాదు, ఉక్కపోత. ఆరుబయట పని లేదు. గదిలో కిటికీలు మూసి బల్బు వెలిగించి భూమిని తిప్పాం.

థర్మాకోల్ బంతికి అల్లికల సూది గుచ్చితే అదే అక్షం. స్టూలు మీద బల్బు సూర్యుడు. బంతి మీద మన ఊరి దగ్గర గుండుసూది. బంతిని సూది చుట్టూ పడమర నుంచి తూర్పుకు తిప్పితే గుండుసూది వెలుగులోకి వస్తుంది, నీడలోకి పోతుంది. రాత్రీ పగలూ ఇక్కడితో అయిపోయాయి, ఎవరికీ అనుమానం లేదు.

అసలు చిక్కు బంతితో బల్బు చుట్టూ నడిచేటప్పుడు వచ్చింది. ఎనిమిదో తరగతి అబ్బాయి సూదిని బల్బు వైపు వంచి పట్టుకుని నడిచాడు. చుట్టంతా తిరిగి వచ్చినా సూది బల్బు వైపే వంగి ఉంది. "అబ్బయ్యా, నువ్వు ఏడాదంతా ఎండాకాలమే పెట్టేశావు" అంటే వాడికి అర్థం కాలేదు. పక్కనున్న పాపకు అర్థమైంది. "మేడం, వాడు నడుస్తా నడుస్తా సూదిని కూడా తిప్పేస్తున్నాడు" అంది.

అదే కీలకం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగినంత కాలం అక్షం ఒకే దిక్కుకు చూస్తుంది. పిల్లలకు ఒక నియమం పెట్టాను: సూది పైకొన ఎప్పుడూ ఉత్తరపు గోడ వైపే వాలి ఉండాలి, నువ్వు గదిలో ఎక్కడున్నా సరే. అలా నడిస్తే బల్బుకు దక్షిణం పక్కన నిలబడ్డప్పుడు సూది పైకొన బల్బు వైపు వాలింది. అది జూన్. ఉత్తరం పక్కకు వచ్చేసరికి అదే సూది, అదే వాలు, బల్బుకు ఎడంగా ఉంది. అది డిసెంబరు. తూర్పునా పడమరనా ఉన్నప్పుడు బల్బు వైపుకీ కాదు, ఎడంగానూ కాదు, పక్కకు వాలింది. అవి మార్చి, సెప్టెంబరు.

ఆ రాత్రికి ఇంటి పని: ఉత్తరాన ధ్రువ నక్షత్రాన్ని వెతకాలి. భూమి అక్షాన్ని ఉత్తరం నుంచి పైకి పొడిగిస్తే దాదాపు ఆ చుక్క దగ్గరికే పోతుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. కావలి నుంచి ధ్రువ నక్షత్రం నేల అంచుకు పైన పిడికిలిన్నర ఎత్తులో ఉంటుంది, ఎందుకంటే మనం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 14.9 డిగ్రీల దగ్గర ఉన్నాం. మబ్బుల్లేని రాత్రి కోసం నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. ముగ్గురికి కనిపించింది. మిగతా వాళ్ల ఇళ్లకు ఉత్తరాన చెట్లో మేడలో అడ్డం.

ఆగస్టు 12

మా అక్షాంశంలో సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వచ్చే రోజులు ఏడాదికి రెండే. మే 1 ప్రాంతంలో ఒకటి, ఇవాళ ఇంకొకటి. మేలో బడి ఉండదు కాబట్టి పిల్లలతో కలిసి చూడగలిగేది ఇదొక్కటే.

పన్నెండు గంటలు కొట్టగానే అందరూ అరుగెక్కారు. నీడ ఆరు సెంటీమీటర్లు, పడమర పక్కకు. ముఖాలు వాడిపోయాయి. "నీడలేని రోజు అన్నారు, నీడ ఉంది కదా మేడం."

"కాసేపు ఆగండి" అన్నాను. ఆ నీడ పాకినట్టు దగ్గరికి జరుగుతూ పన్నెండూ పదిహేనుకు చువ్వ మొదట్లోకి ముడుచుకుపోయింది. పక్కన నిలబెట్టిన స్టీలు డబ్బా చుట్టూ ఎటు చూసినా నీడ లేదు. ఒక పాప ఇంటి నుంచి స్టీలు గ్లాసు తెచ్చింది కానీ అది ఈ పనికి నమ్మదగింది కాదు. బోర్లిస్తే గ్లాసు పైకి సన్నబడుతుంది, సూర్యుడు కాస్త వాలి ఉన్నా నీడ గ్లాసు కిందే దాక్కుంటుంది. అంచులు నిట్టనిలువుగా ఉన్న డబ్బాయే కావాలి.

పన్నెండింటికి మధ్యాహ్నం ఎందుకు కాలేదు? మన గడియారాలు నడిచేది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాలంతో. ఆ రేఖ మన రాష్ట్రంలో కాకినాడ దగ్గరగా పోతుంది. కావలి 80 డిగ్రీల దగ్గర ఉంది. రెండున్నర డిగ్రీలు పడమరకు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి సూర్యుడు మన దగ్గరికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. మిగిలిన ఐదు నిమిషాలు వేరే లెక్క. భూమి దారి నిండు గుండ్రం కాదు, అక్షం వాలి ఉంది, ఈ రెండింటి వల్ల సూర్యుడు ఏడాదిలో కొన్నాళ్లు గడియారం కంటే ముందు, కొన్నాళ్లు వెనక నడుస్తాడు. ఆ లెక్కన మన కావలిలో అసలు మధ్యాహ్నం నవంబరు మొదట్లో 11:54కే అవుతుంది, ఫిబ్రవరి రెండో వారంలో 12:24 దాకా కాదు. ఏడో తరగతికి ఆ రెండో కారణం నేను లోతుగా చెప్పలేదు. "నీడ అన్నిటికంటే కురచగా ఉన్న క్షణమే మధ్యాహ్నం, గడియారం చూడొద్దు" అని చెప్పాను. 11:50 నుంచి 12:30 దాకా ఐదు నిమిషాలకొక చుక్క పెడితే అన్నిటికంటే దగ్గరి చుక్క తానే దొరుకుతుంది.

ఇవాళ రాయించిన వివరణ ప్రశ్న: "మే 1న, ఆగస్టు 12న సూర్యుడు మన నెత్తిమీదే ఉంటాడు. మరి ఎండలు మే నెలలో ఎందుకు మండుతాయి, ఆగస్టులో ఎందుకు మండవు?"

ఈ ప్రశ్న కావాలనే ఇచ్చాను. వంపు ఒక్కదానితోనే అన్నీ తేలిపోతాయని పిల్లలు అనుకోకూడదు. ఒక అబ్బాయి రాసింది: "మేలో ఆకాశం ఖాళీగా ఉంటుంది, చేలు ఎండిపోయి ఉంటాయి. ఆగస్టులో మబ్బులు అడ్డం వస్తాయి." చాలావరకు అదే జవాబు. నేను కలిపింది ఒక్క మాట. మే మొదటి నుంచి ఆగస్టు సగం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి తొమ్మిది డిగ్రీల లోపే ఉంటాడు. మూడున్నర నెలలు దాదాపు నిలువు ఎండే. అందులో ఆకాశం నిర్మలంగా, నేల పొడిగా ఉన్నది మొదటి భాగం. అందుకే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి, శ్రావణంలో పగలవు.

సెప్టెంబరు 23

రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో ఒకటి. నీడ ఉత్తరానికి, 27 సెంటీమీటర్లు.

ఈ నెలలో పిల్లలు ఒకటి కనిపెట్టారు. వారం కిందట 22 ఉంది, ఇవాళ 27. రోజుకు ముక్కాలు సెంటీమీటరు చొప్పున నీడ పెరుగుతోంది. జూన్‌లో వారం రోజులు కొలిచినా మారలేదని వాళ్లకు గుర్తుంది. ఉయ్యాల ఊగేటప్పుడు చివర్లలో కాసేపు ఆగినట్టుండి, మధ్యలో వేగంగా పోతుంది కదా, సూర్యుడి రాకపోకలూ అంతే.

కొత్త చిక్కు: నీడ పొడవయ్యేకొద్దీ కొన మసకబారింది. ఎక్కడ అయిపోయిందో ముగ్గురు మూడు చోట్ల చూపించారు. సూర్యుడు చుక్క కాదు, అరడిగ్రీ వెడల్పున్న పళ్లెం, అందుకే నీడ అంచు సన్నగా తెగదు. చువ్వ కొనకు అట్టముక్క కట్టి, దానికి దబ్బనంతో బెజ్జం చేశాం. బెజ్జం ఎత్తు సరిగ్గా 100 సెంటీమీటర్లు. తూకం గుండు ఇప్పుడు బెజ్జం నుంచి వేలాడుతుంది. అట్ట నీడ నడుమ చిన్న గుండ్రటి వెలుగు బొట్టు పడింది, దాదాపు ఒక సెంటీమీటరు వెడల్పు. దాని నడిమధ్యకు కొలిస్తే ముగ్గురికీ మిల్లీమీటర్ల తేడాలో ఒకే లెక్క వచ్చింది. ఆ బొట్టు సూర్యుడి బొమ్మే అని చెబితే ఒక పాప చాలాసేపు దాన్ని అరచేతిలో పట్టుకుని కూర్చుంది.

నవంబరు

ఈశాన్య రుతుపవనాలు. కొలతలు నాలుగే. మాకు అసలు వానలు ఇప్పుడే కాబట్టి ఏమీ అనుకోలేదు. పుస్తకంలో వానాకాలం జూన్ నుంచి సెప్టెంబరు అని ఉంటుంది. మా పిల్లలు తమ కళ్లతో చూసేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నీడ చెప్పేది ఎండ వాలు గురించి, వాన ఎప్పుడొస్తుందో గాలులూ సముద్రమూ కలిసి తేలుస్తాయి.

డిసెంబరు 21

మధ్యాహ్నం 12:08కి వెలుగు బొట్టు ఉత్తరాన 79 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. ఈ నెల 14 నుంచి రోజూ కొలుస్తున్నాం, మొత్తం మార్పు ఒక సెంటీమీటరు కూడా లేదు. "ఆ రోజు మబ్బు పట్టినా నష్టం లేదన్నారే, ఇదేనా మేడం?" అని జూన్ మాట గుర్తుచేశారు. ఇదే.

ఇక అసలు లెక్క. త్రికోణమితి వీళ్లకు రాదు, అవసరమూ లేదు. గ్రాఫు కాగితం మీద చువ్వకు బదులు 10 సెంటీమీటర్ల నిలువు గీత, నీడకు బదులు 7.9 సెంటీమీటర్ల అడ్డగీత. చువ్వ కొననూ నీడ కొననూ కలిపితే అదే సూర్యకిరణం. చువ్వ కొన దగ్గరి కోణాన్ని కోణమానినితో కొలిచారు. 38 డిగ్రీలు. అంటే సూర్యుడు నడినెత్తి నుంచి దక్షిణానికి 38 డిగ్రీలు వాలి ఉన్నాడు. జూన్ నీడకు 1.5 సెంటీమీటర్ల అడ్డగీత గీస్తే కోణం ఎనిమిదిన్నర, ఉత్తరానికి.

దక్షిణం కొస నుంచి ఉత్తరం కొసకు మొత్తం 46½ డిగ్రీలు. బంతిని గుర్తుచేశాను. జూన్‌లో అక్షం ఎంత వాలిందో అంత సూర్యుడి వైపుకు, డిసెంబరులో అంతే ఎడంగా. ఒకే వాలు రెండుసార్లు లెక్కకొచ్చింది. సగం చేస్తే 23¼. పుస్తకంలో 23½. కచ్చితంగా చెప్పాలంటే ఇప్పుడది 23.4.

గది ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఎనిమిదో తరగతి అబ్బాయి అడిగాడు, "మరి రెండు కొసల మధ్యలో ఏముంటుంది మేడం?" అది నేను అడగాలనుకున్న ప్రశ్న. 38 లోంచి 8½ తీసేసి సగం చేయండి అన్నాను. 14¾. అట్లాసు తీసి చూస్తే కావలి 15 డిగ్రీల గీతకు కాస్త కింద. చువ్వ భూమి వంపునూ చెప్పింది, మన ఊరు ఎక్కడుందో కూడా చెప్పింది.

సాయంత్రం ఐదూ నలభై ఐదుకు పొద్దు గుంకింది. జూన్‌లో ఆరూ నలభై దాటేది. మా దగ్గర అతి పెద్ద పగలు పదమూడు గంటలు, అతి చిన్న పగలు పదకొండుంపావు.

జనవరి 6

టార్చిలైటు పూట. గళ్ల కాగితం మీద నిలువుగా వేస్తే వెలుగు 40 గళ్లలో పడింది. డిసెంబరు ఎండలా 38 డిగ్రీలు వాల్చి, అంతే దూరం నుంచి వేస్తే సాగిపోయి 51 గళ్లు కప్పింది. అదే వెలుగును ఎక్కువ గళ్లు పంచుకున్నాయి కాబట్టి ఒక్కో గడికి వచ్చింది తక్కువ. చలికి కారణం ఇందులో ఉంది. రెండో కారణం పగలు కురచ కావడం.

ఆ తర్వాత పోయిన ఏడాది ఆ పిల్లవాడి మాటనే ప్రశ్నగా ఇచ్చాను: "వంగిన పక్క సూర్యుడికి దగ్గరవుతుంది, అందుకే వేడి. ఇది సరైనదా? కారణాలతో రాయండి."

వాళ్ల చేతికి రెండు అంకెలు ఇచ్చాను. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14 కోట్ల 70 లక్షల కిలోమీటర్లు. దూరంగా ఉండేది జులై మొదటి వారంలో, సుమారు 15 కోట్ల 20 లక్షలు. ఒక పాప జవాబు ఇక్కడ యథాతథంగా రాసుకుంటున్నాను: "ఈ వారం మనం సూర్యుడికి దగ్గర. కానీ పొద్దున స్వెటరు వేసుకుని వచ్చాను. దగ్గరతనమే కారణమైతే భూమి మొత్తం ఒకేసారి వేడెక్కాలి. కానీ డిసెంబరులో మెల్‌బోర్న్‌లో టెస్టు మ్యాచ్ ఎండలో ఆడతారు. అక్కడ ఎండాకాలం. కాబట్టి దూరం కాదు."

ఒకటే లోటు, దూరం కాకపోతే మరేమిటో రాయలేదు. అడిగితే గళ్ల కాగితం చూపించింది. అది కూడా రాయమన్నాను. ఇంకొకరు బంతిని బట్టి రాశారు: భూమి అడ్డంగా 12,750 కిలోమీటర్లే, కోట్ల దూరంలో ఆ వంపు తెచ్చే దగ్గరతనం ఏ మూలకు?

ఇలాంటి జవాబు దిద్దేటప్పుడు నేను మూడు ముక్కలు చూస్తున్నాను. అక్షం ఒకే దిక్కుకు వాలి ఉంటుందన్న మాట ఉందా? అందువల్ల మన ఊళ్లో సూర్యుడి ఎత్తు మారుతుందన్న మాట ఉందా? ఎత్తు మారితే నేల మీద ఎండ చిక్కదనం, పగటి పొడవు మారతాయన్న మాట ఉందా? నడిమి ముక్క వదిలేసేవాళ్లే ఎక్కువ. "అక్షం వంగింది" నుంచి నేరుగా "వేసవి వచ్చింది"కి దూకేస్తారు. నడిమి ముక్క రాసిన వాళ్లందరూ నీడ కొలిచిన వాళ్లే.

జనవరి 14

సెలవులు. అయినా ఊళ్లో ఉన్న ఇద్దరు వచ్చారు, చేతులకు ముగ్గుపిండి ఇంకా అంటుకునే ఉంది. 12:19కి నీడ 73 సెంటీమీటర్లు.

"సంక్రాంతి నుంచే కదా మేడం ఉత్తరాయణం? మరి నీడ ముందే తగ్గిందేంది?" 79 నుంచి 73కు, ఆరు సెంటీమీటర్లు తగ్గింది. సూర్యుడు ఉత్తరానికి మళ్లింది డిసెంబరు 21నే, మన అరుగే సాక్ష్యం. సంక్రాంతి లెక్క నక్షత్రాలను బట్టి, మకర రాశిలో సూర్యుడు ప్రవేశించడాన్ని బట్టి. ఒకప్పుడు, సుమారు 1700 ఏళ్ల కిందట, ఈ రెండూ దాదాపు ఒకేరోజు పడేవి. భూమి అక్షం ఒకే దిక్కుకు ఉంటుందని జులైలో చెప్పాను కదా, అది ఏడాది లెక్కలో నిజం. వేల ఏళ్ల మీద అది తిరుగుడు తగ్గిన బొంగరంలా మెల్లగా దిక్కు మారుస్తుంది, ఒక చుట్టుకు సుమారు 26,000 ఏళ్లు. అందుకే 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున రెండు లెక్కలూ ఎడమయ్యాయి. పండుగ తప్పు కాదు, రెండూ వేర్వేరు గుర్తులు. ఆ పాప ఇంటికి పోయి వాళ్ల తాతకు చెబుతానంది. ఆయన పంచాంగం చూసే మనిషి, ఏమంటాడో వినాలని ఉంది.

ఫిబ్రవరి 3

చివరి ప్రశ్న ఇంకా దిద్దలేదు: "అక్షం నిట్టనిలువుగా ఉంటే కావలిలో మన చువ్వ మధ్యాహ్నపు నీడ ఏ నెలలో ఎంత ఉంటుంది?" పైపైన చూశాను. సున్నా అని ఐదుగురు రాశారు. సూర్యుడు నెత్తిన ఉంటాడని వాళ్ల ఊహ. అది భూమధ్యరేఖ మీద నిజం, మన దగ్గర కాదు. ఏడాది పొడుగునా సుమారు 27, ఉత్తరానికి, సెప్టెంబరు 23 నాటి నీడే ప్రతిరోజూ అని ఇద్దరు రాశారు. సున్నా రాసిన వాళ్లను మళ్లీ బంతి దగ్గర కూర్చోబెట్టాలి.

మార్చి 21 కొలత మిగిలి ఉంది. అసలు మధ్యాహ్నం 12:17కి, నీడ మళ్లీ 27 దగ్గరికి రావాలి. ఆ తర్వాత వేసవి సెలవులు. ఒక పాప అమ్మమ్మ ఇల్లు నెల్లూరులో, ఇంకొకరి మేనమామ ఇల్లు ఒంగోలులో. నెల్లూరు మనకు అరడిగ్రీ దక్షిణాన, ఒంగోలు దాదాపు అంతే ఉత్తరాన. కాబట్టి నీడ మాయం కావలసింది నెల్లూరులో ఏప్రిల్ 29న, ఇక్కడ మే 1న, ఒంగోలులో మే 3న, మూడు చోట్లా 12:07 ప్రాంతంలో. నిట్టనిలువు అంచులున్న డబ్బా, తూకం గుండు దారం ఇద్దరికీ ఇచ్చి పంపుతున్నాను.